ఆదేశమా, ఉద్దేశమా?

"ఊరి కుర్రాళ్లకు సైనిక పాఠాలు తెలుగులో రాసిస్తున్నాను. 'కమాండర్స్ ఇంటెంట్'ను 'సేనాని ఆదేశం' అనవచ్చా? ఆజ్ఞ, ఆనతి, ఉత్తర్వు – వీటిలో ఏదైనా నయమా?"
– ఒక మాజీ హవల్దారు, పర్లాకిమిడి

ఆదేశం కుదరదండీ. ఇంటెంట్ అంటే ఆ పని ఎందుకన్నది; మీరడిగినవన్నీ ఏం చేయాలో చెప్పే మాటలు. ఉత్తర్వు అంటే కాగితం మీదికెక్కిన ఆజ్ఞ. హుకుంకి ఆ కాగితం కూడా అక్కర్లేదు.

ఆనతి దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. సంస్కృత 'ఆజ్ఞప్తి' ప్రాకృతంలో 'ఆణత్తి' అయి, మనకు ఆనతిగా దక్కింది. తూర్పు చాళుక్యుల రాగిశాసనాల చివర 'ఆజ్ఞప్తిః కటకరాజః' అని ఉంటుంది. అక్కడ ఆజ్ఞప్తి మాట కాదు, మనిషి! రాజుగారి దానాన్ని అమలుపరిచే అధికారి. మీ భాషలో స్టాఫ్ ఆఫీసరుకు దగ్గరి చుట్టం. మీ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు ముఖలింగం శాసనాలు చదివినవారు. ఇలాంటి మాట దొరికితే ఆయన ఊరుకునేవారా?

ఆ మనిషి తడబడితే ఏమవుతుందో క్రిమియా యుద్ధంలో, 1854 అక్టోబర్ 25న బాలక్లావాలో తేలింది. కొండమీద ఉన్న బ్రిటిష్ సేనాని రాగ్లన్ ప్రభువుకు, పక్క గట్టుమీద తాము పోగొట్టుకున్న ఫిరంగులను రష్యన్లు తీసుకుపోతున్నట్టు కనిపించింది. ఆయన చెప్పింది స్టాఫ్ అధికారి ఎయిరీ పెన్సిల్‌తో రాశాడు: అశ్వదళం త్వరగా ముందుకు పోవాలి, శత్రువును వెంబడించాలి, ఫిరంగులు తీసుకుపోకుండా ఆపాలి. ఏ ఫిరంగులు? ఎటు ముందుకు? చీటీలో లేదు. లోయలో ఉన్న అశ్వదళాధిపతి లూకన్‌కు ఆ గట్టుమీది ఫిరంగులు కనబడవు. 'ఏ ఫిరంగులు?' అని అడిగితే, చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్ విసురుగా చెయ్యి చాపాడు. ఆ చెయ్యి లోయ చివరనున్న రష్యన్ ఫిరంగుల వైపు చూపినట్టుంది. దాదాపు 670 మంది రౌతులు అటే దూకారు. 110 మంది దాకా చనిపోయారు. అందరికన్నా ముందు పోయినవాళ్లలో నోలన్ ఒకడు.

ఆదేశం, దిశ, ఉద్దేశం – మూడింటికీ ధాతువు 'దిశ్', చూపడం. నోలన్ దిశ చూపాడు. చీటీ ఆదేశం మోసుకొచ్చింది. ఉద్దేశం కొండమీదే ఉండిపోయింది. 'మన ఫిరంగులు మళ్లీ మన చేతికి రావాలి' అన్న ఒక్క వాక్యం చీటీ మొదట్లో ఉంటే, లూకన్ లోయ చివరికి కాక గట్టువైపు చూసేవాడేమో. మీరు నేర్పే ఐదు భాగాల ఉత్తర్వులో పరిస్థితి, చేయాల్సిన పని ముందు చెప్పి, తర్వాతే ఎలా చేయాలో చెప్పేది ఇందుకే. పరిస్థితి మారి 'ఎలా' పనికిరాకపోయినా, 'ఎందుకు' తెలిసినవాడు ఇంకో దారి వెతుక్కుంటాడు.

కాబట్టి 'సేనాని ఉద్దేశం' అనండి. చిక్కల్లా ఈమధ్య 'నా ఉద్దేశంలో సినిమా బాగుంది' అంటూ దాన్ని వట్టి అభిప్రాయం చేసేశారు. పత్రికలవాళ్లు మురుగుకాలువ పూడిక తీయమన్నా 'ఆదేశాలు జారీ' అంటారు! కుర్రాళ్లు ఉద్దేశాన్ని తేలిగ్గా తీసుకుంటారనిపిస్తే 'సంకల్పం' వాడవచ్చు. కానీ అది వింటే నాకు పురోహితుడే గుర్తొస్తాడు.