కోల్‌కతా నుంచి ఖాళీ లారీ తిప్పుకు రావాలా, లోడు కోసం ఆగాలా

ప్రశ్న: మాకు ఒక 12 టైర్ల లారీ ఉంది. గుంటూరు నుంచి కోల్‌కతాకు మిర్చి వేస్తున్నాం. తిరిగి వచ్చేటప్పుడు చాలాసార్లు ఖాళీగా వస్తోంది. రిటర్న్ లోడు కోసం యాప్‌ను నమ్మాలా, బ్రోకర్ను నమ్మాలా?

నేనూ ఇదే దారిలో లారీ తిప్పేవాణ్ణి కాబట్టి సూటిగా చెబుతాను. యాప్‌లో కిరాయి ఎంత నడుస్తోందో చూసుకోండి. లోడు మాత్రం మనిషి దగ్గర తీసుకోండి. అదీ లారీ కోల్‌కతాలో ఖాళీ అయ్యాక కాదు, ఇంకా భువనేశ్వర్ దాటుతుండగానే. ఖాళీ లారీని కోల్‌కతా పక్కనున్న ధూలాగఢ్ లారీ టెర్మినల్‌లో నిలబెట్టి ఫోన్లు చేయడం మొదలుపెడితే మన అవసరం ఎదుటివాడికి తెలిసిపోతుంది. ఆ తర్వాత కిరాయి చెప్పేది అతడే, మనం కాదు.

మా లారీ ఒకసారి ధూలాగఢ్ టెర్మినల్‌లో ఆగినప్పుడు డ్రైవరు అడిగాడని యాప్‌లో లారీ ఖాళీగా ఉందని పెట్టాను. గంటలోపే ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన హల్దియా నుంచి విజయవాడకు ప్లాస్టిక్ గుళికలు, 24 టన్నులు, కిరాయి 44 వేలు అన్నాడు. ఇంకొకాయన అదే హల్దియా, అదే విజయవాడ, 48 వేలు. మూడో ఆయన 52 వేలు అన్నాడు గాని, ముందు గేట్ పాస్ కోసం రెండు వేలు ఫోన్‌లో పంపమన్నాడు. సరుకు ఒకటే, బరువు ఒకటే, ఆటోనగర్‌లో దించాల్సిన గోడౌను కూడా ఒకటే. అంటే మూడు లోడ్లు లేవు. ఉన్నది ఒక్క లోడు, దాని చుట్టూ ముగ్గురు. మొదటివాడు మధ్యలో ఇంకో బ్రోకరు దగ్గర తీసుకుని తన వాటా కోసుకున్నవాడు. మూడోవాడి దగ్గర అసలు లోడే లేదు. లారీవాడి దగ్గర ముందుగా డబ్బు అడిగే పార్టీ ఈ వ్యాపారంలో ఉండదు. లోడు ఎక్కాక అడ్వాన్సు మనకు రావాలి, మనం ఇవ్వడం ఏమిటి? ఆ మాట అంటే అతడు ఫోను పెట్టేశాడు.

ఇలాంటప్పుడు నేను అడిగేది ఒకటే: "బిల్టీ, అదే సరుకు రవాణా రసీదు, ఏ ట్రాన్స్‌పోర్టు పేరు మీద ఇస్తారు, అడ్వాన్సు ఎవరి ఖాతా నుంచి వస్తుంది?" 48 వేలు చెప్పినాయన వెంటనే ట్రాన్స్‌పోర్టు పేరు, ఆఫీసు నంబరు చెప్పాడు. మొదటివాడు మాత్రం "ముందు లారీ పంపండి, అన్నీ చూసుకుందాం" అన్నాడు. ఇంకేం అడుగుతాం? ఆ 48 వేల ట్రాన్స్‌పోర్టు గురించి విజయవాడ ఆటోనగర్‌లో నాకు ఏళ్లుగా తెలిసిన బ్రోకరుకు ఫోను చేస్తే, "వాళ్లు బ్యాలెన్సు ఆలస్యం చేస్తారు గాని ఎగ్గొట్టరు, అడ్వాన్సు 90 శాతం పట్టుకో" అన్నాడు. నిజం చెప్పాలంటే నేను కమీషన్ ఇచ్చేది ఆ ఒక్క మాటకే. ఏ యాప్‌లోనూ ఆ మాట కనిపించదు. నక్షత్రాలు కనిపిస్తాయి, వాటిని ఎవరు వేశారో దేవుడికే తెలియాలి.

ఇక 48 వేలు వస్తే నిజంగా ఎంత మిగులుతుందో చూడండి. చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు. గుంటూరు దాకా సుమారు 1,200 కిలోమీటర్లు. మా లారీ ఖాళీగా లీటరుకు ఐదు, లోడుతో మూడు ముప్పావు ఇస్తుంది. అంటే లోడు వల్ల అదనంగా తాగేది 80 లీటర్లే. లీటరు 93 అనుకుంటే ఏడున్నర వేలు. టోలు ఖాళీ లారీకైనా నిండు లారీకైనా ఒకటే, ఇరుసులను బట్టి తీసుకుంటారు గాని బరువును బట్టి కాదు. కోలాఘాట్ దగ్గర హైవే దిగి హల్దియా వెళ్లి రావడానికి ఇంకో వంద కిలోమీటర్లు, రెండు వేల పైచిలుకు డీజిల్. కమీషన్, హమాలీ, మామూళ్లు కలిపి నాలుగున్నర వేలు. ఇవన్నీ పోను దాదాపు 34 వేలు మిగులుతాయి. కాబట్టి కిరాయి తక్కువగా కనిపించినా ఖాళీగా రావడం కంటే మేలే, ఒక్క షరతు మీద: రోజులు పోకూడదు.

ఆ రోజుల విలువ కాలాన్ని బట్టి మారుతుంది. లారీ అప్పు వాయిదాను ఈ లెక్కలోకి తేకండి, లారీ ఎక్కడున్నా అది కట్టాల్సిందే. చూడాల్సింది గుంటూరులో మనకోసం లోడు ఎదురుచూస్తోందా లేదా అన్నది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుట్టలుగా పడి ఉంటాయి, లారీ వచ్చిన రోజే లోడు దొరుకుతుంది. అప్పుడు మొత్తం ట్రిప్పులో ఖర్చులు పోను మిగిలేదాన్ని రోజులతో భాగిస్తే నాకు రోజుకు ఏడు వేల దాకా వస్తుంది. బత్తాలు, పార్కింగు కలిపితే ఆగిన ప్రతి రోజూ ఎనిమిది వేలకు పైగా నష్టం. నాలుగు రోజులు ఆగితే ఆ 34 వేలు హరించుకుపోయినట్టే. అందుకే సీజన్‌లో డ్రైవరుకు రెండు రోజులే గడువు ఇస్తాను. కంపెనీ గేటు బయట వరుసలో నిలబడే సమయం కూడా అందులోనే. ఆపైన ఖాళీగానైనా కదలమంటాను. మే నెల మధ్యలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక సంగతి వేరు. కోల్డ్ స్టోరేజీల సరుకు కదులుతుంది గాని లారీలు వరుసలో ఉంటాయి. అప్పుడు వారం ఆగినా బత్తా, పార్కింగు తప్ప పోయేదేమీ లేదు.

మిర్చి లారీకి ఇంకో తంటా ఉంది. దించాక లారీ అడుగు బల్లల సందుల్లో కారం పొడి, తొడిమలు నిలిచిపోతాయి. హల్దియాలో హమాలీలు డాలా ఎక్కీ ఎక్కగానే తుమ్ములు మొదలుపెట్టి దిగిపోయారు. క్లీనరు చీపురుతో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, అడుగున పాత పట్టా పరిచాక గాని మళ్లీ ఎక్కలేదు. గుళికల బస్తాలు కాబట్టి సరిపోయింది. బియ్యం, పంచదార పార్టీలు ఆ ఘాటు ముక్కుకు తగలగానే లారీని వెనక్కి పంపుతాయి. గోనె సంచులు, ఇనుము అయితే పేచీ లేదు. బంగాళాదుంపల కిరాయి బాగుంటుంది గాని, 2024లోలాగా బెంగాల్ ప్రభుత్వం బయటి రాష్ట్రాలకు దుంపలు పోనివ్వకుండా ఆపితే లోడుతో సహా సరిహద్దులో చిక్కుకుంటాం.

డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు చెబుతుంటాడు, అమెరికాలో బ్రోకరు లైసెన్సు కావాలంటే 75 వేల డాలర్లకు హామీ పత్రం పెట్టాలట, కిరాయి ఎగ్గొడితే లారీవాడు దాని మీద దావా వేసుకోవచ్చట. ఇక్కడ 2007 నాటి రోడ్డు రవాణా చట్టం బ్రోకర్ను కూడా క్యారియర్‌గానే లెక్కగట్టి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. టెర్మినల్‌లో బల్ల వేసుకుని కూర్చున్నవాణ్ణి ఆ కాగితం చూపించమనండి, నవ్వి టీ తెప్పిస్తాడు.

మీకున్నది ఒక్క లారీయే కాబట్టి ఇంకో సంగతి. పదికి మించి లారీలు లేని యజమాని పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ కోయకూడదు. చాలామంది బ్రోకర్లు ఈ సంగతి చెప్పకుండా కోసేస్తారు. ఆ కాగితం నాలుగు ప్రతులు సంతకం చేసి, ఆర్సీ, ఇన్సూరెన్సు, పర్మిటు జిరాక్సులతో పాటు డ్రైవరు సీటు కింద పెట్టించండి. బిల్టీ రాసేటప్పుడే చేతికిస్తే సరి, బ్యాలెన్సు రోజున వాదిస్తే ఎవరూ వినరు.