నలబై వేల కోర్సు కన్నా ముందు ఒక ఉచిత కోర్సు

ప్రశ్న: అకౌంట్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పైథాన్ సర్టిఫికెట్ కోర్సుకు ఒక సంస్థ 40,000 అడుగుతోంది. కట్టవచ్చా? ఇదివరకు మొదలుపెట్టిన కోర్సులన్నీ సగంలోనే ఆగిపోయాయి.

జవాబు: ఇప్పుడే కట్టకండి. నేనూ అకౌంట్స్‌లో ఉంటూనే, ఐఐటీలు ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ రోపర్ వారి 12 వారాల పైథాన్ కోర్సు పూర్తి చేశాను. చేరడానికి, పాఠాలు వినడానికి రుసుము లేదు. సర్టిఫికెట్ కావాలనుకున్నవారే పరీక్షకు డబ్బు కడతారు. నేను రాసినప్పుడు అది 1000 రూపాయలు. పరీక్ష నమోదు గడువు కోర్సు మొదలైన కొన్ని వారాల తర్వాత ముగుస్తుంది కాబట్టి, తొలి రెండు మూడు అసైన్‌మెంట్లు చేసి చూశాకే కట్టాలో లేదో తేల్చుకోవచ్చు. ఆ అసైన్‌మెంట్లకే సమయం దొరకకపోతే 40,000 కట్టినా దొరకదు.

పరీక్ష కేంద్రానికి వెళ్లి, పర్యవేక్షకుల ఎదుట రాయాలి. వీడియోలు చివరిదాకా నడిపితే వచ్చే సర్టిఫికెట్ కన్నా దీన్ని నేను ఎక్కువగా నమ్మేది అందుకే. అయినా నా ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ గురించి ఒక్క ప్రశ్నే వచ్చింది. మిగతా సమయమంతా బ్యాంకు స్టేట్‌మెంట్‌ను లెడ్జర్‌తో సరిపోల్చడానికి నేను రాసిన ప్రోగ్రామ్ గురించే అడిగారు. మీరు కూడా మొదటి వారం నుంచే మీ ఆఫీసు పని ఒకటి ఎంచుకుని, నేర్చుకున్నది దానిపై ప్రయోగించండి.

పూర్తి చేయడానికి మార్కుల లెక్క తెలియడం చాలా అవసరం. 12 అసైన్‌మెంట్లలో మెరుగైన 8 మాత్రమే తీసుకుని వాటి సగటుకు 25 మార్కులు, పరీక్షకు 75 మార్కులు ఇస్తారు. నెలాఖరు పనుల్లో ఒక వారం తప్పినా కోర్సు పోదు, వదిలేయకండి. అయితే 25కు 10, 75కు 30 విడివిడిగా రావాలి. ఉదాహరణకు అసైన్‌మెంట్ల సగటు 80 శాతమైతే 20 మార్కులు. పరీక్షలో 38 శాతం వస్తే 28.5. మొత్తం 48.5 అయినా సర్టిఫికెట్ రాదు. అసైన్‌మెంట్లను స్నేహితుల దగ్గర చూసి రాసేవారు దెబ్బతినేది ఇక్కడే.

నేను వారం మొదట్లోనే అసైన్‌మెంట్ ప్రశ్నలు చదివి, ఆ తర్వాత పాఠాలు వినేదాన్ని. ఏ పాఠంలో ఆగాలో, ఏది వేగంగా దాటాలో దానివల్ల తెలిసేది. పాఠంలోని ప్రతి ప్రోగ్రామ్‌నూ వీడియో ఆపి స్వయంగా టైప్ చేయండి. చూస్తున్నప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, ఖాళీ తెర ముందు కూర్చుంటే మొదటి వరుసే రాదు.

ఇంత చేశాక కూడా తప్పులు సరిదిద్దే మనిషి కావాలనిపిస్తే ఆ సంస్థకు వెళ్లండి. మీ ప్రోగ్రామ్‌ను ఎవరు చదివి చెబుతారో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. వాయిదాల మీద కట్టమంటే అది మీ పేరు మీద తీసుకునే అప్పా అని కూడా అడగండి. అప్పైతే, తరగతులు మానేసినా వాయిదాలు ఆగవు.