ఐదు కేజీల పెసలు, రెండు అరల వంటగది

"మాది సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్, వంటగదిలో రెండే అరలు. పెద్ద ప్యాక్ కొంటే కేజీ రేటు తక్కువ పడుతోంది. చోటు లేకపోయినా పెద్దదే కొనడం లాభమా?"

నెల్లూరు వేదాయపాళెంలో మేమూ అలాంటి పోర్షన్‌లోనే పదకొండేళ్ళుగా ఉంటున్నాం. నా మాట వింటే, పెసలు, శనగలు, అలసందల్లాంటి గింజలు మాత్రం పెద్ద ప్యాక్ కొనొద్దు. రేటు ఎంత తగ్గినా సరే.

మూడేళ్ళ కిందట ఆగస్టు చివర్లో స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్టుకి వెళ్ళాను. పెసలు కేజీ ప్యాకెట్ 130 రూపాయలు, ఐదు కేజీల సంచి 600. "కేజీకి పది రూపాయలు కలిసొస్తుందమ్మా" అన్నాడు కొట్టాయన. ఆ లెక్క నిజమే, అందుకే తీసుకున్నాను. మా ఇంట్లో వారానికోసారి పెసరట్టు, అప్పుడప్పుడూ మొలకలు, అంతే. కేజీ నెలన్నర వస్తుంది. అంటే ఆ సంచి ఏడు నెలలకి పైనే ఉంటుందన్నమాట. ఆ సంగతి కొనేటప్పుడు నాకు తట్టలేదు.

రెండు కేజీలు స్టీలు డబ్బాలో పోసి, మిగతావి సంచితోనే మంచం కింద పెట్టాను. అక్టోబరులో వానలు మొదలయ్యాయి. మన వైపు ఆ వానలు మొదలైతే ఇల్లంతా చెమ్మే కదా. నవంబరులో కందుకూరు నుంచి మా అత్తయ్య వచ్చి పెసరట్టుకి నానబోద్దామని సంచి విప్పింది. "ఏంది మే, ఎండబెట్టకుండానే మూట కట్టినావా?" అంది. చూస్తే గింజల మీద సున్నం చుక్కల్లాగా తెల్లటి మచ్చలు, గుండ్రటి బెజ్జాలు, అడుగున పిండి. గోధుమరంగు పురుగులు సంచి అంచు దాకా పాకుతున్నాయి. డబ్బాలోవి కూడా అంతే. మూత గట్టిగానే పెట్టాను, కానీ గుడ్లు కొట్టులోనో పొలంలోనో గింజకి ముందే అంటుకుని వస్తాయి.

ఆ తెల్ల మచ్చలే గుడ్లు. పిల్ల పురుగు గింజలోకి దూరి లోపలే తిని, బెజ్జం చేసుకుని బయటికొస్తుంది. మన ఎండలకి దీనికి ఒక నెల చాలు. వచ్చిన ప్రతి ఆడ పురుగూ మళ్ళీ పదుల కొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకే మొదటి నెల ఏమీ కనిపించదు, మూడో నెలకి సంచి అంతా పుచ్చిపోతుంది. కేజీ ప్యాకెట్‌లో కూడా గుడ్లు ఉండొచ్చు, కాకపోతే అవి పెరిగేలోపు మనం తినేస్తాం. ఎండబెడితే చాలావరకు ఆగుతుంది, నిజమే. కానీ మా మేడ మీదికి ఇంటి ఓనరు రానివ్వరు. చోటు లేదంటే అర లేకపోవడం ఒక్కటే కాదు, ఎండబెట్టుకునే జాగా లేకపోవడం కూడా.

ఆ రోజు గింజలన్నీ నీళ్ళలో పోసి, తేలినవి పారేశాం. దాదాపు రెండు కేజీలు పోయాయి. తిన్నవి మూడు కేజీలు, పెట్టింది 600. అంటే కేజీ 200 పడింది. తర్వాత కూర్చుని ఇంకో లెక్క వేశాను. 600 రూపాయలకి చిన్న ప్యాకెట్లే కొని ఉంటే 4.6 కేజీలు వచ్చేవి. అంటే ఐదు కేజీల్లో 400 గ్రాములు పారేస్తే చాలు, తగ్గిన రేటు మొత్తం హరించుకుపోతుంది. నాలుగు గ్లాసులు కూడా ఉండవు అవి!

ప్యాకెట్ మీద యూనిట్ రేటు వేస్తున్నారు కదా అంటారేమో. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అర కేజీ ప్యాకెట్ మీద గ్రాముకి 0.14 అని, ఐదు కేజీల దాని మీద కేజీకి ఇంత అని వేస్తారు. చీమ తలకాయంత అక్షరాలు. పైగా ఆ రేటు ఎమ్మార్పీ మీద వేసింది, కొట్టులో మనం ఇచ్చే డబ్బు మీద కాదు. ఇచ్చే డబ్బుని కేజీలతో ఫోన్‌లోనే భాగించుకోండి. బియ్యానికి ఇది మరీ అవసరం. 2022 జులైలో 25 కేజీల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వేశాక 26 కేజీల బస్తాలు వచ్చాయి. 25 కేజీల బస్తా 1,400, 26 కేజీలది 1,430 అనుకోండి. చూడటానికి రెండోది ఎక్కువ, కానీ కేజీ 56 బదులు 55కే పడుతుంది. బియ్యం మాకు నలుగురికి నెలలో అయిపోతాయి కాబట్టి బస్తానే తెస్తాం.

పెసలు ఇప్పుడు కేజీనే. తెచ్చిన రోజే పళ్ళెంలో పోసి తెల్ల మచ్చలు ఉన్నాయేమో చూస్తాను, ఉంటే వెనక్కి ఇచ్చేస్తాను. మంచం కింద ఆ సంచి ఉన్న చోట బట్టల సబ్బు పొడి ఐదు కేజీలది పెట్టాను. దానికి ఏ పురుగూ పట్టదు.