కార్డు బ్లాక్ చేస్తే సరిపోతుందా?

"సర్, మాది మిర్యాలగూడ. ఫోన్‌లో యాడ్ చూసి 99 రూపాయల డైట్ ప్లాన్ కొన్నాను. డెబిట్ కార్డు నంబరు, ఓటీపీ ఇచ్చాను. ఆ తర్వాత మూడు నెలలుగా ప్రతి 5వ తేదీన 1,499 పోతున్నాయి. మూడోది మొన్ననే పోయింది. కార్డు బ్లాక్ చేయిస్తే ఆగుతుందా? పోయినవి వస్తాయా?"

ముందు బ్యాంకు యాప్‌లో కార్డును లాక్ చేసి, ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆఫ్ చేయండి. తర్వాత కార్డు వెనకున్న నంబరుకే ఫోన్ చేసి శాశ్వతంగా బ్లాక్ చేయమనండి. గూగుల్‌లో వెతికిన నంబరుకు చేయొద్దు, అక్కడ ఇంకో దొంగ ఎత్తుతాడు. ఫిర్యాదు నంబరు, టైము రాసి పెట్టుకోండి.

ఇది సగం పనే. మీరు ఇచ్చిన ఓటీపీతో ఆ వ్యాపారి ఈ-మాండేట్, అంటే నెలనెలా డబ్బు తీసుకునే అనుమతి, పెట్టించుకుని ఉండొచ్చు. కాబట్టి "కార్డుతో పాటు మాండేట్ కూడా రద్దు చేయండి" అని విడిగా అడగండి. మీ లోన్ ఈఎంఐ ఖాతా నుంచి నేరుగా పోతుంటే దానికేం కాదు. ఈ కార్డుకు కట్టిన ఓటీటీ లాంటివి మాత్రం ఆగుతాయి.

ఇప్పుడు పాత మెసేజ్‌లు తీయండి. అసలు కేసు అక్కడే ఉంది. ఆ రోజు ఓటీపీ మెసేజ్‌లో ఒక్క 99 చెల్లింపే ఉందా, మాండేట్ అనీ ఉందా? మాండేట్ అయితే, ప్రతి కోతకు కనీసం 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలన్నది ఆర్‌బీఐ నిబంధన. అలాంటిది రాకపోతే ఆ మాటే ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయండి. "నాకు తెలియకుండా పోయాయి" అని మాత్రమే రాస్తే, "ఓటీపీ మీరే ఇచ్చారు కదా" అని తోసిపుచ్చడం వాళ్లకు తేలిక.

బ్రాంచిలో డిస్ప్యూట్ ఫారం నింపేటప్పుడు మూడు కోతలనూ తేదీలతో విడివిడిగా రాయండి. మొత్తం 4,497. 99 రూపాయలను కలపొద్దు, అది మీరు కావాలని కట్టిందే. యాడ్ స్క్రీన్‌షాట్, వ్యాపారికి రద్దు కోరుతూ పంపిన మెయిల్ జత చేయండి. మెయిల్ పంపలేదా? ఈరోజే పంపండి.

2017 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్లు చేసిన మోసాన్ని, సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీది కాదు. మొన్నటిది ఆ గడువులో ఉంది, పాత రెండూ దాటిపోయాయి. అందుకే వాటికి వ్యాపారితో తగాదాగా, అంటే బ్యాంకు ద్వారా వ్యాపారి నుంచి డబ్బు వెనక్కి రప్పించే చార్జ్‌బ్యాక్ దారిలో అడగండి. దానికీ గడువు ఉంటుంది, వాయిదా వేయకండి.

బ్యాంకు దీన్ని అనుమతి లేని లావాదేవీగా తీసుకుంటే 10 పనిదినాల్లో డబ్బు తాత్కాలికంగా వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. ఆ డబ్బు చూసి పండగ ఖర్చు పెట్టకండి. షరతులకు మీరు ఒప్పుకున్నట్టు వ్యాపారి ఆధారం చూపితే బ్యాంకు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. 30 రోజులైనా బ్యాంకు జవాబివ్వకపోతే cms.rbi.org.in లో, బ్యాంకులపై ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయండి. సైబర్ మోసం కింద 1930కి కూడా ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.