నూకల లెక్కలో ఆ 32 రూపాయలకు చోటు లేదు

ప్రశ్న: మిర్యాలగూడ దగ్గర మాకు చిన్న రైసుమిల్లు ఉంది సార్. నెలకు 10 టన్నుల నూకలు వస్తయి. దాణా వ్యాపారి మిల్లు దగ్గరికే వచ్చి కిలో 24 చొప్పున నగదు ఇచ్చి తీసుకుపోతడు. పిండి పట్టి హోటళ్లకు, హోల్‌సేల్ కిరాణాలకు ఇస్తే 34 వస్తది అంటున్నరు. మా అకౌంటెంటేమో నూకలు మనకే కిలో 32 పడుతున్నయి, పిండికి ఇంకో 7 కలిపితే 39, ఎట్ల చేసినా నష్టమే అంటున్నడు. గిర్ని మిషన్ కొనాలా, వద్దా?

జవాబు: ముందుగా ఆ 32 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మీ టెన్షన్ అంతా దానితోనే మొదలైంది.

100 క్వింటాళ్ల వడ్లు కొని మర ఆడించడానికి మొత్తం 2,40,000 రూపాయలు అయిందనుకుందాం. 60 క్వింటాళ్ల బియ్యం, 8 క్వింటాళ్ల నూకలు, 7 క్వింటాళ్ల తవుడు వచ్చాయి. ఊకను పక్కన పెడదాం. మీ అకౌంటెంట్ ఆ ఖర్చును 75 క్వింటాళ్లకు తూకం ప్రకారం పంచారు, అందుకే కిలోకు 32 వచ్చింది. బియ్యం 40, నూకలు 24, తవుడు 22 రూపాయల చొప్పున అమ్ముడుపోతాయనుకొని, అదే ఖర్చును అమ్మకం విలువ ప్రకారం పంచి చూడండి. నూకల వాటా కిలోకు దాదాపు 21 అవుతుంది. అప్పుడు 24కు అమ్మితే 3 రూపాయల లాభం కనిపిస్తుంది. వడ్లు అవే, మర అదే, గల్లాపెట్టెలో డబ్బూ అదే. పంచిన తీరు మారితే నష్టం కాస్తా లాభమైంది.

మిల్లులోంచి నూకలు విడిపడి బయటికి వచ్చేసరికి వడ్ల ఖర్చు అయిపోయింది. మీరు నూకలను అలాగే అమ్మినా, పిండి పట్టినా, పారబోసినా అందులో ఒక్క రూపాయి వెనక్కి రాదు. కాబట్టి ఈ నిర్ణయంలో దానికి పని లేదు. నష్టమని నూకలు అమ్మడమే మానేస్తే ప్రతి 100 క్వింటాళ్ల వడ్లకు 19,200 రూపాయలు చేజారుతాయి.

అలాగని మీ అకౌంటెంట్‌ది తప్పు అనను. మార్చి 31న గోదాములో ఉన్న సరుకుకు విలువ కట్టాలంటే ఉమ్మడి ఖర్చును ఏదో ఒక పద్ధతిలో పంచక తప్పదు. నూకలు, తవుడు లాంటి చిన్న సరుకులైతే వాటిపై వచ్చే డబ్బును బియ్యం ఖర్చులోంచి తీసేసే పద్ధతి కూడా ఉంది. అదంతా ఖాతా పుస్తకం అవసరం. గిర్ని కొనాలా వద్దా అన్నదానికి రెండు ప్రశ్నలు చాలు: పిండి పడితే అదనంగా ఎంత వస్తుంది, అదనంగా ఎంత పోతుంది?

వచ్చేది చూద్దాం. 34లో 24 తీసేస్తే కిలోకు 10, నెలకు లక్ష అని మీరు అనుకుని ఉంటారు. అంత రాదు. నూకలు గిర్నిలో పడ్డప్పుడు రాపిడికి వేడెక్కి తేమ పోతుంది, కొంత పిండి దుమ్ముగా లేస్తుంది. క్వింటాలుకు 3 కిలోలు తగ్గుతాయని వేసుకోండి. 10 టన్నుల నూకలకు 9.7 టన్నుల పిండి, 34 చొప్పున 3,29,800. నూకలుగానే అమ్మితే 2,40,000 వచ్చేవి. తేడా 89,800. మీకు అదనంగా వచ్చేది ఇదే.

ఇక పోయేది. కరెంటుకు 6,000, ఇద్దరు కొత్త మనుషులకు 26,000, 50 కిలోల సంచులకు, కుట్టుకు 4,000. ఇవి అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉన్నాయి. ఇప్పుడు మీ నూకలను దోసిట్లోకి తీసుకుని చూడండి. ఊక ముక్కలు, మట్టి బెడ్డలు, సన్నటి రాళ్లు కనిపిస్తాయి. దాణా వ్యాపారికి అవి పట్టవు. హోటల్ వాళ్లకు మాత్రం ఒక్క రాయి పంటికింద పడితే మీ ఆర్డర్ అక్కడితో సరి. జల్లెడ పట్టి రాళ్లు తీయించడానికి కిలోకు ఒక రూపాయి, అంటే 10,000. ఇప్పుడు వ్యాపారి మీ గేటు దగ్గరికే వస్తున్నాడు. పిండిని మీరే నల్లగొండకో, హైదరాబాద్‌కో చేర్చాలి. దానికి 14,500. నూకలకు చేతిలో నగదు పడుతోంది. పిండికి హోటళ్లు, కిరాణాలు 45 రోజుల అరువు అడుగుతాయి. అంటే దాదాపు 5 లక్షలు ఎప్పుడూ బయటే తిరుగుతుంటాయి, నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 5,000. మిషన్‌కు 3,60,000 అప్పు తీసుకుంటే, ఏడాదికి 12 శాతం వడ్డీతో ఐదేళ్లకు కిస్తీ సుమారు 8,000.

అన్నీ కలిపితే 73,500. మీ గుమాస్తా జీతంలోగానీ, మిల్లు షెడ్డు అద్దెలోగానీ వాటా ఇందులో వేయలేదు. గిర్ని ఉన్నా లేకున్నా అవి అంతే. 89,800లోంచి 73,500 పోతే నెలకు 16,300 మిగులుతుంది. అంటే మీ అకౌంటెంట్ చెప్పినట్టు పిండి నష్టం కాదు. అయితే మీరు అనుకున్నంత లాభమూ లేదు.

నన్ను ఆలోచింపజేసేది ఆ మిగులు ఎంత పలచగా ఉందన్నదే. కిలో నూకల మీద మిగిలేది 1 రూపాయి 63 పైసలు. పిండి ధర 34 దగ్గరే ఉండి, నూకల ధర 25.63కు చేరితే మీకు మిగిలేది సున్నా. నూకల ధర ఒక చోట నిలిచేది కాదు. కోళ్ల దాణా, ఇథనాల్ ఫ్యాక్టరీలు, ఎగుమతి మూడూ దాన్ని లాగుతుంటాయి. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతిని నిషేధించింది, 2025 మార్చిలో ఎత్తేసింది. అలాంటి ఒక్క ఉత్తర్వు మీ తేడాను పెంచగలదు, మింగేయగలదు కూడా.

కాబట్టి మిషన్ వెంటనే కొనకండి. రెండు నెలలు బయటి గిర్నిలో కూలికి పట్టించండి. 5 క్వింటాళ్లు తూకం వేసి ఇచ్చి, పిండి చల్లారాక మళ్లీ తూకం వేయండి. తరుగు 3 కిలోలా, 5 కిలోలా అన్నది అక్కడే తేలుతుంది. 5 అయితే నెలకు 200 కిలోల పిండి, 6,800 రూపాయలు తగ్గుతాయి. పిండి వేడి మీద ఉండగానే సంచి కుట్టనివ్వకండి; లోపల చెమ్మ పట్టి గడ్డ కడుతుంది, పురుగు చేరుతుంది, సరుకు తిరిగి వస్తుంది. అరువు నిజంగా 45 రోజులకే తిరుగుతోందా లేదా అన్నదీ ఈ రెండు నెలల్లోనే తెలుస్తుంది. మీ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సులో పిండి తయారీ లేకపోతే చేర్పించుకోండి. లేబుల్ వేసిన కిలో ప్యాకెట్ల ఆలోచన ఉంటే వాటికి 5 శాతం జీఎస్టీ పడుతుందని లెక్కలో వేయండి.

ఈ పరీక్షలో కూడా నెలకు 15,000 పైన మిగులు కనిపిస్తే అప్పుడు మిషన్ కొనండి. కొన్నాక మాత్రం లెక్క మారుతుంది. పిండి పట్టినా పట్టకున్నా కిస్తీ కట్టాల్సిందే కాబట్టి ప్రతి నెలా చూసే లెక్కలోంచి ఆ 8,000 తీసేయాలి. అప్పుడు నూకల ధర 26.43 దాకా వెళ్లినా పిండి పట్టడమే మేలు. ఆ ధర దాటిన నెలలో గిర్ని ఆపి, ఆ ఇద్దరినీ మిల్లు పనికి మళ్లించి, నూకలు నూకలుగానే అమ్మేయండి. మళ్లించే పని మిల్లులో లేకపోతే వాళ్ల జీతం కూడా ఎలాగూ పోయేదే. అలాంటప్పుడు నూకల ధర 29 దాటేదాకా గిర్ని నడవనివ్వండి.