ఏఐ ఫొటోల్లో ఏది ఉంచాలి?

"వైజాగ్‌లో ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నా. ఏఐ ఒకేసారి 8 ఫొటోలు ఇస్తోంది, అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఏది తీసుకోవాలి, తర్వాత ఏం మార్చాలి?"

అసలు బొమ్మ పక్కన పెట్టుకుని చూడండి. ఆకారం అదేనా, లక్క రంగు అదేనా, నీడ బొమ్మ అడుగును ఆనుకునే ఉందా, వెనక ఖాళీగా ఉందా, ప్రతి ఫొటోకూ ఒక్కో ప్రశ్నకు అవునైతే 1, కాకపోతే 0 వేయండి, అంతే. ఆకారానికో రంగుకో 0 పడితే ఎంత అందంగా ఉన్నా తీసేయండి, లేకపోతే కొన్నవాళ్లు సరుకు వెనక్కి పంపేస్తారు. మిగిలినవాటిలో ఎక్కువ మార్కులు వచ్చిందే మీది.

మార్పుకు మాత్రం ఒక్కో ఫొటో కాదు, ఒక్కో ప్రశ్న కింద సున్నాలు లెక్కపెట్టాలి. 8లో 5 నీడ దగ్గరే పోయాయనుకోండి, ప్రాంప్ట్‌లో "ఎడమ కిటికీ వెలుతురు, బల్ల మీద మెత్తటి నీడ" అని ఒక్కటే చేర్చి, ఏఐ ఫొటోను మొదలుపెట్టే సంఖ్య, అంటే సీడ్, అదే ఉంచి మళ్లీ తీయండి. రంగు కూడా అప్పుడే కెలికితే దేనివల్ల బాగుపడిందో తెలియదు.