బిల్లు నంబర్ల మధ్య ఖాళీలు: రద్దయినవేవి, పోయినవేవి

ప్రశ్న: మా అమ్మకాల బిల్లులన్నిటినీ ఫోన్‌తో ఫోటోలు తీసి ఒక ఫోల్డర్‌లో ఉంచుతున్నాను. లోన్ కోసం లెక్కలు చూసిన ఆడిటర్ గారు మధ్యలో కొన్ని నంబర్లు కనబడడం లేదన్నారు. వాటిలో రద్దు చేసినవి ఏవో, నిజంగా పోయినవి ఏవో ఇప్పుడు ఎలా తేల్చాలి?

జవాబు: ఫోల్డర్‌లో ఫోటో లేకపోవడం వేరు, బిల్లే లేకపోవడం వేరు. ఏ నంబరుకు ఫోటో లేదో చెప్పడం వరకే ఫోటోల పని. ఎందుకు లేదో చెప్పగలిగేది బిల్లు పుస్తకం. అందుకని ముందు ఫోటోల వల్ల, నంబరు చదవడంలో పొరపాటు వల్ల పుట్టిన ఉత్తుత్తి ఖాళీలను ఏరివేసి, ఆ తరువాత మిగిలిన నంబర్లతోనే పుస్తకం తెరవండి. ఈ క్రమం తప్పితే ఉన్న బిల్లు కోసమే రోజంతా వెతకవలసి వస్తుంది.

ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో ఫోటోకు ఒక్కో వరుస కేటాయించి, బిల్లు నంబరు, తేదీ, కొనుగోలుదారు పేరు, మొత్తం రాయండి. ఒకేసారి రెండు బిల్లు పుస్తకాలు వాడుతుంటే, లేదా నంబరుకు ముందు వేర్వేరు అక్షరాలు ఉంటే, ఒక్కొక్క వరుసక్రమానికి ఒక్కొక్క షీటు పెట్టుకుని, నంబరు గడిలో అక్షరాలు వదిలి అంకెలు మాత్రమే రాయండి. రెండు క్రమాలను కలిపేస్తే ఒకదానిలోని ఖాళీని మరొకదాని నంబరు పూడ్చేస్తుంది. తరువాత షీటును ముందు నంబరు ప్రకారం, ఒకే నంబరు ఉన్నచోట తేదీ ప్రకారం అమర్చి, మొదటి వరుసలో శీర్షికలు, A నిలువు వరుసలో బిల్లు నంబర్లు ఉన్నాయనుకుంటే, E3 గడిలో ఈ సూత్రం వేసి కిందికి లాగండి.

```
=A3-A2
```

ఫలితం 1 వస్తే వరుస సరిగా ఉన్నట్టు. 2 వస్తే ఒక నంబరు, 3 వస్తే రెండు నంబర్లు మధ్యలో లేనట్టు. 0 వస్తే అదే నంబరు రెండుసార్లు ఉన్నట్టు. చాలామంది ఖాళీల వైపే చూసి ఈ సున్నాలను వదిలేస్తారు. నిజానికి మొదట చూడవలసినవి అవే.

ఒక నెల లెక్క ఉదాహరణగా తీసుకుందాం. మొదటి బిల్లు 401, చివరిది 460 అనుకోండి. అంటే 60 బిల్లులు ఉండాలి. ఫోటోలు 58 ఉన్నాయి కాబట్టి రెండే తక్కువ అనిపిస్తుంది. షీటులో మాత్రం 412, 413, 447 రెండేసి సార్లు కనబడ్డాయి. అంటే వేర్వేరు నంబర్లు 55 మాత్రమే, ఖాళీలు ఐదు: 407, 418, 433, 434, 452. ఫోటోల సంఖ్యను బిల్లుల సంఖ్యతో పోల్చి ఊరుకుంటే మూడు ఖాళీలు కంటికి కనబడకుండానే పోయేవి.

ఇప్పుడు ఆ జంటలను చూడండి. 412, 447 విషయంలో రెండు వరుసల్లోనూ తేదీ, పేరు, మొత్తం ఒకటే కాబట్టి ఒకే బిల్లును రెండుసార్లు ఫోటో తీశారన్నమాట, ఒక్కొక్కటి తీసేయండి. 413 సంగతి వేరు. మొదటి వరుసలో 7వ తేదీ, రెండవ వరుసలో 9వ తేదీ, కొనుగోలుదారులు కూడా వేర్వేరు. దాని కిందనే ఉన్న 414 తిరిగి 7వ తేదీది. నంబరు పెరుగుతుంటే తేదీ వెనక్కి నడవకూడదు కదా. ఫోటోను పెద్దది చేసి చూస్తే అది 418; ముద్రించిన 8 ఎడమవైపు వెలిసిపోయి 3లా కనబడింది. 417, 419 రెండూ 9వ తేదీవే కాబట్టి అనుమానం తీరిపోతుంది. ఒక ఖాళీ, దానిని పోలిన అంకెతో ఒక జంట కలిసి కనబడితే ముందుగా చదవడంలోని తప్పునే అనుమానించండి. 3ను 8గా, 1ను 7గా, 0ను 6గా చదవడం తరచుగా జరిగేదే. తప్పుగా చదివిన నంబరు నిజమైన ఖాళీలోనే వెళ్లి కూర్చుంటే మాత్రం జంట ఏర్పడదు. అప్పుడు పట్టిచ్చేది తేదీ ఒక్కటే. తేదీ గడిని తప్పక నింపాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మిగిలినవి 407, 433, 434, 452. ఇక బిల్లు పుస్తకం తీయండి.

407 దగ్గర కొనుగోలుదారుకు ఇవ్వవలసిన అసలు ప్రతి, మన దగ్గర ఉండవలసిన కార్బన్ నకలు, రెండూ పుస్తకంలోనే ఉన్నాయి. అడ్డంగా గీత గీసి ‘రద్దు’ అని రాశారు. అదే పేరుతో, సరిచేసిన మొత్తంతో 408 ఉంది. ఇది సరైన రద్దు. నకలు మీద మాత్రమే ‘రద్దు’ అని రాసి ఉండి, అసలు ప్రతి కనబడకపోతే దానిని రద్దుగా లెక్కించవద్దని గట్టిగా చెబుతున్నాను. అసలు ప్రతి కొనుగోలుదారు చేతిలో ఉంటే ఆయన లెక్కలో ఆ బిల్లు ఇంకా సజీవంగానే ఉంటుంది. సరుకు తిరిగి వచ్చి ఉంటే దానిని క్రెడిట్ నోట్‌తో సరిచేయాలే తప్ప, మన ప్రతి మీద గీత గీసి సరిపెట్టకూడదు. రద్దయిన బిల్లును కూడా రెండు ప్రతులూ కనబడేలా ఫోటో తీసి, షీటులో మొత్తం దగ్గర సున్నా, పక్కన కారణం రాయండి. అప్పుడు ఆ నంబరు మళ్లీ ఖాళీగా కనబడదు.

433, 434 నకళ్లు పుస్తకంలో చెక్కుచెదరకుండా ఉన్నాయి, గీత లేదు. ఫోటో తీసేటప్పుడు ఆకులు కలిసి తిరిగిపోయాయి, అంతే. అయితే మీరు అమ్మకాల లెక్క ఫోటోల నుంచే రాస్తున్నట్లయితే ఆ రెండు అమ్మకాలు లెక్కలోకి రాలేదు. వాటిని ఈ రోజే చేర్చి, మార్చిన మొత్తాన్ని ఆడిటర్ గారికి తెలియజేయండి.

452 అసలు ప్రతి లేదు, నకలు కూడా చింపి ఉంది. మిగిలిన వాటన్నిటికంటే దీనిమీదే ఎక్కువ సమయం పెట్టండి. ముందు 453 ఆకులను తీసి, దీపం వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకోండి. కార్బన్ పెట్టి గట్టిగా అదిమి రాసిన రాత కింది ఆకు మీద అచ్చు వదులుతుంది. పేరో, మొత్తంలోని కొన్ని అంకెలో తెలియవచ్చు. వాడిన కార్బన్ కాగితం మీద కూడా జాడ ఉంటుంది కానీ, అదే కాగితంతో చాలా బిల్లులు రాస్తే అన్నీ కలిసిపోతాయి. తరువాత 451, 453 తేదీల మధ్య బయటికి వెళ్లిన సరుకు చలానాలను, నగదు పుస్తకాన్ని, బ్యాంకు జమలను మిగతా బిల్లులతో ఒక్కొక్కటిగా జత చేయండి. ఏ బిల్లుకూ జత కుదరని చలానా గాని, జమ గాని మిగిలితే 452 చాలావరకు అదే. కొనుగోలుదారు దగ్గరి ప్రతిని అడిగి తెప్పించుకోండి. ఏదీ మిగలకపోతే, ఆ పుస్తకం రాసినవారితో ఏమి జరిగిందో, రాసే రోజు తేదీ వేసి రాయించి, సంతకం చేయించి, ఆ కాగితాన్ని 452 స్థానంలో ఉంచండి. పోయిన నంబరుతో కొత్త బిల్లు రాసి ఖాళీ పూడ్చే ప్రయత్నం మాత్రం ఎంతమాత్రం చేయవద్దు. అది పోయిన కాగితాన్ని దొంగ కాగితంగా మారుస్తుంది.

పైన చెప్పిన సూత్రానికి అందని ఖాళీ ఒకటి ఉంది. అది రెండు నంబర్ల మధ్య ఉన్నదానినే చూడగలదు. 460 తరువాత ఏమైందో దానికి తెలియదు. నెల ముగిసిన రోజు పుస్తకంలో రాయని మొదటి ఆకు నంబరు చూసి షీటు కింద రాసుకోండి. ఆ ఆకు 461 అయితే సరే. 464 అయితే మరో మూడు బిల్లులు తేలవలసి ఉన్నాయి. అలాగే ముందు నెల ఏ నంబరుతో ముగిసిందో చూసి, 401 దాని తరువాతి నంబరేనా అన్నది సరిపోల్చండి.